ముప్పై ఆరింటిలో ఒకటి

రీలు కెమెరాలు వాడినవాళ్ళకి ఒక సంగతి చెప్పనక్కర్లేదు. రీలులో 36 ఫోటోలు. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ తీసేవాళ్ళం. రీలు నిండితే కడిగించడానికి ఇచ్చి, కవరు చేతికి వచ్చేదాకా ఎదురుచూపు. వచ్చాక మొదట చూసేది ఫోటోలు కాదు, కళ్ళు. ఎవరి కళ్ళు మూతపడ్డాయి, ఎవరు పక్కకి చూశారు, ఎవరు నోరు తెరిచారు అని. 36లో అయిదారు బాగా వచ్చేవి. అవి ఆల్బమ్‌లోకి, మిగతావి కవరులోనే ఉండిపోయి బీరువా అడుగుకి. ఇప్పుడు ఆ ఆల్బమ్ తీసి చూస్తే మనవాళ్ళందరూ ఎప్పుడూ నవ్వుతూనే ఉన్నట్టు కనిపిస్తారు. కవరు విప్పితే అసలు మనుషులు కనిపిస్తారు.

ఆ కాలపు అనుభవంలోంచి పుట్టిన ఒక ప్రసంగం బడి అసెంబ్లీల్లో నడిచేది. ఫోటోగ్రఫీ తెలిసిన మాస్టార్లు తొమ్మిది, పది తరగతుల పిల్లలకి పదిహేను నిమిషాలు చెప్పేవాళ్ళు: ఒక ఫోటోలో మనిషి మొత్తం ఎందుకు పట్టడు అని. కెమెరాలు మారి ఫోన్లు వచ్చినా ప్రసంగం పాతబడలేదు. పైగా అవసరం పెరిగింది. అప్పట్లో పిల్లవాడి ఫోటో ఒకటి బాగా రాకపోతే కవరులో ఉండిపోయేది. ఇప్పుడు అదే ఫోటో క్లాసు గ్రూపులో తిరుగుతుంది. ఆ ప్రసంగం ఎలా ఉండేదో, ఏ వరుసలో చెబితే పిల్లల బుర్రకెక్కుతుందో, ఎక్కడ దెబ్బతింటుందో కాస్త వివరంగా రాసిపెట్టాలనిపించింది.

మొదలుపెట్టేటప్పుడు నీతి చెప్పకూడదు. "ఫోటో చూసి మనిషిని అంచనా వేయకండి" అని మొదటి వాక్యంలోనే అంటే ఆ వయసు పిల్లలు అక్కడే చెవులు మూసేసుకుంటారు. మంచి వక్తలు ముందు రెండు ఫోటోలు చూపించేవాళ్ళు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే చొక్కా, ఒకే వెలుగు. "వీళ్ళిద్దరూ అన్నదమ్ములా పిల్లలూ?" అని అడిగేవాళ్ళు. సగం మంది చేతులెత్తేవాళ్ళు. తర్వాత ఆ మనిషే వేదిక ఎక్కేవాడు.

ఆ రెండు ఫోటోల్లో తేడా అల్లా దూరమే. ఒకటి ముక్కు కొస నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర తీసింది, రెండోది 150 సెంటీమీటర్ల దగ్గర తీసింది. దీన్ని ఎవరైనా చేసి చూడొచ్చు, అయితే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, వీపు ఆనించి, తల కదలకుండా ఎదురుగా గోడ మీద ఒక చుక్కని చూడమనాలి. ముక్కు కొస నుంచి టేపుతో కొలిచి నేల మీద రెండు చోట్ల సుద్దగీత గీయాలి. కెమెరా లెన్సు రెండుసార్లూ కళ్ళ ఎత్తులోనే ఉండాలి. కిందనుంచి తీస్తే గడ్డం, పైనుంచి తీస్తే నుదురు పెద్దదై, తేడా దూరం వల్ల వచ్చిందో ఎత్తు వల్ల వచ్చిందో తేలదు. ఫోన్‌తో తీస్తే వెనక ఉన్న మామూలు కెమెరానే వాడాలి. ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్ ముందే ఆపేయాలి. చాలా ఫోన్లలో అది అడగకుండానే ఆన్ అయి ఉంటుంది, ప్రదర్శన చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

150 సెంటీమీటర్ల దగ్గర తీసిన ఫోటోలో ముఖం చిన్నగా వస్తుంది. దాన్ని కత్తిరించి పెద్దది చేయాలి. రెండు ఫోటోల్లోనూ కంటిపాపల మధ్య దూరం సమానంగా వచ్చేదాకా పెంచి, ఒకే సైజులో ప్రింటు తీయించాలి. కత్తిరించినంత మాత్రాన ముఖం ఆకారం మారదు, ఆ ఆకారాన్ని నిర్ణయించేది కెమెరా నిలబడ్డ చోటు. చాలామంది ఇక్కడే పొరబడతారు. "లెన్సు వంకర తీసింది" అంటారు. లెన్సు తప్పేమీ లేదు. 30 సెంటీమీటర్ల దూరం నుంచి మన కంటికీ ముఖం అలాగే పడుతుంది. కాకపోతే ఎవరి ముఖాన్నీ అంత దగ్గరగా నిలబడి తేరిపార చూడం కనక మనకి తెలియదు.

ఈ లెక్కని నల్లబల్ల మీద వేసి చూపిస్తే లెక్కలంటే పడని పిల్లలు కూడా తల పైకెత్తి చూసేవాళ్ళు. ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవికి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు 42ని 30తో భాగించినంత, అంటే 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. ఇప్పుడు కెమెరా 150 దగ్గరికి వెళ్ళింది. ముక్కుకి 150, చెవికి 162. భాగిస్తే 1.08. చెవికీ ముక్కుకీ మధ్య ఆ 12 సెంటీమీటర్లు ఎక్కడికీ పోలేదు. పక్కన 30 ఉన్నప్పుడు ఆ 12 పెద్ద సంఖ్య, 150 ఉన్నప్పుడు చిన్న సంఖ్య, అంతే. 1.4ని 1.08తో భాగించి చూస్తే, దగ్గరి ఫోటోలో ముక్కు దాదాపు 30 శాతం ఎక్కువ పెద్దగా కనిపిస్తోందన్నమాట.

2018లో అమెరికా వైద్యులు కొందరు ఇదే విషయాన్ని సరైన ముఖ కొలతలతో లెక్కగట్టి వైద్య పత్రికలో వేశారు. 12 అంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని, 5 అడుగుల దూరానికి వెళ్తే ఆ తేడా లెక్కలోకి రానంత తగ్గిపోతుందని తేల్చారు. వాళ్ళకి ఆ లెక్క ఎందుకు అవసరమైందంటే, సెల్ఫీలు చూపించి మా ముక్కు చిన్నది చేయండి అని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పి కాసేపు ఆగాలి. అద్దం ముందు ముక్కు తడుముకునే వయసు వాళ్ళది. చెప్పకుండానే చాలా చేతులు ముక్కు దగ్గరికి వెళ్తాయి.

పాత స్టూడియో ఫోటోగ్రాఫర్లకి ఈ భాగహారం రాకపోయినా చేతికి తెలుసు. ముఖం ఫోటో తీయాలంటే 85 నుంచి 105 మిల్లీమీటర్ల లెన్సు బిగించేవాళ్ళు. ఆ లెన్సుతో ముఖం ఫ్రేములో సరిగ్గా పట్టాలంటే మనిషికి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం జరగక తప్పదు. జరిగితే ముక్కూ చెవులూ వాటి వాటి నిష్పత్తిలోకి వచ్చేస్తాయి. లెన్సు మహిమ అనుకున్నది నిజానికి వెనక్కి వేసిన నాలుగు అడుగుల మహిమ. స్టూడియోలో స్టూలు ఒక మూల, కెమెరా స్టాండు ఇంకో మూల ఉండేది అందుకే.

వేదిక మీద నిలబెట్టే మనిషి విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పిల్లల్లోంచి ఎవర్నీ పిలవకూడదు, స్వయంగా చెయ్యెత్తినా వద్దు. 30 సెంటీమీటర్ల ఫోటో ఎవరిదైనా వింతగానే వస్తుంది, మర్నాటికల్లా ఆ పిల్లవాడికి పేరు పెట్టేస్తారు. మాస్టారే కూర్చోవాలి, అదీ పిల్లలు గౌరవించే మాస్టారు. ఆయన ముక్కు చూసి నవ్వితే నవ్వనీయాలి. ఆ నవ్వు ఆగాక, "ఇందులో ఏది నేను?" అని ఆయన అడిగితే వచ్చే నిశ్శబ్దం ప్రసంగంలో సగం పని చేసేస్తుంది.

దూరం తర్వాత కాలం. పగటి వెలుగులో మామూలు ఫోటోకి షటర్ సెకనులో 125వ వంతు తెరుచుకుంటుంది. రెప్ప ఒకసారి పడి లేవడానికి సెకనులో పదో వంతు నుంచి నాలుగు పదో వంతులు పడుతుంది. కెమెరా దృష్టిలో రెప్పపాటు చాలా పొడుగైన సంఘటన. నిమిషానికి 15 సార్లు, ఒక్కోసారి 0.3 సెకన్లు అనుకుంటే 60 సెకన్లలో నాలుగున్నర సెకన్లు కళ్ళు పూర్తిగానో సగమో మూసే ఉంటాయి. అంటే గుంపులో పదమూడు మంది ఉంటే ఏ క్షణంలో చూసినా సగటున ఒకరి కళ్ళు అరమోడ్పుగానో మూతపడో ఉంటాయి. గ్రూపు ఫోటోలో ఎవరో ఒకరు నిద్రమొహంతో పడటం వాళ్ళ బద్ధకం వల్ల కాదు. మనందరి కళ్ళూ అంతే, ఆ క్షణం వాళ్ళ వంతు వచ్చింది.

దీని మీద ఆస్ట్రేలియాలో ఇద్దరు కూర్చుని లెక్క కట్టి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా 2006లో అందుకున్నారు. ఇరవై మంది లోపు గుంపుకి, వెలుగు బాగుంటే, మనుషుల సంఖ్యని మూడుతో భాగించి అన్ని ఫోటోలు తీయాలి, వెలుగు తక్కువైతే రెండుతో భాగించాలి అని వాళ్ళ సూత్రం. పన్నెండు మందికి మంచి వెలుగులో నాలుగు. అన్ని తీస్తే వాటిలో ఒకటైనా అందరి కళ్ళూ తెరిచి ఉన్నది దాదాపు ఖాయంగా దొరుకుతుంది. వెలుగు తక్కువైనప్పుడు ఎక్కువ తీయాల్సి రావడానికి కారణం సులువే: షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, ఆలోగా రెప్ప పడే అవకాశం పెరుగుతుంది. రీలు రోజుల్లో "ఇంకొక్కటి, కదలకండి" అని అందరినీ విసిగించిన ఫోటోగ్రాఫర్‌కి ఈ సూత్రం తెలియకపోయినా, ఆయన చేసింది అదే.

ముఖకవళికల సంగతి రెప్పలకన్నా చిక్కు. మాట్లాడేటప్పుడు నోరు, కనుబొమలు, బుగ్గలు క్షణక్షణం మారతాయి. కదులుతుండగా చూస్తే నవ్వుతూ చెబుతున్నట్టే ఉంటుంది. అందులోంచి ఒక్క క్షణాన్ని పీకి బయట పెడితే కోపమో, ఎగతాళో, ఏడుపో అనిపిస్తుంది. ఇది చూపించడానికి వీడియో మంచి సాధనం. మాస్టారే తనకి ఇష్టమైన సంగతి ఏదో పది సెకన్లు చెబుతుండగా వీడియో తీయాలి. సెకనుకి 30 ఫ్రేములు కాబట్టి అందులో 300 ఫోటోలు ఉన్నట్టు లెక్క. అందులో అయిదు చోట్ల ఆపి, శబ్దం లేకుండా తెర మీద వేసి, "ఈయన ఏ మూడ్‌లో ఉన్నారు? ఒక్క మాటలో చెప్పండి" అని అడగాలి. చిరాకు, నిద్ర, వెటకారం, భయం అని రకరకాలు వస్తాయి. అన్నీ బోర్డు మీద రాయాలి. రాశాక మొత్తం వీడియో శబ్దంతో వేయాలి. ఆయన సంతోషంగా మాట్లాడుతూ ఉంటారు, బోర్డు మీద మాటల్లో సంతోషం ఉండకపోవచ్చు.

ఆపే చోటు ముందే ఎంచుకోవాలి, అప్పటికప్పుడు వెతుకుతూ కూర్చుంటే పిల్లలు జారిపోతారు. ప, బ, మ అక్షరాలు పలికేటప్పుడు పెదవులు బిగుసుకుంటాయి, అక్కడ ఆపితే కోపంగా కనిపిస్తుంది. ఊ అన్నప్పుడు మూతి ముడుచుకుంటుంది, అలిగినట్టుంటుంది. ఆలోచిస్తూ పైకి చూసిన క్షణంలో విసుగు కనిపిస్తుంది. ఈ మూడూ దొరికితే చాలు. ప్రదర్శన అయ్యాక ఆ వీడియోని అందరి ముందే ఫోన్‌లోంచి తీసేయాలి, డిలీట్ చేసిన ఫైళ్ళు దాచే చోటునుంచి కూడా. ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు వాళ్ళ చేతే చెప్పించాలి. వాళ్ళకి బాగా తెలుసు.

కాలం అటూ ఇటూ కూడా మోసం చేస్తుందని చెప్పడానికి ఒక పాత ఫోటో చూపించేవాళ్ళు. 1838లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డగేర్ పారిస్‌లోని ఒక పెద్ద వీధిని తన కిటికీలోంచి తీసింది. చెట్లు, మేడలు, రాళ్ళు పరిచిన దారి, అంతా చక్కగా ఉంది. జనం మాత్రం లేరు. రద్దీ వీధి, బళ్ళూ గుర్రాలూ తిరుగుతూనే ఉన్నాయి. కానీ రీలు లేని ఆ రోజుల్లో లోహపు పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలకి నిమిషాలు పట్టేది. నడిచేవాళ్ళు ఎక్కడా అంతసేపు ఆగరు కనక పలక మీద ఆనవాలు లేకుండా పోయారు. ఒక మూల ఒక్క మనిషి మిగిలాడు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు పైకి పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఆ పాలిష్ చేసే మనిషీ లీలగా ఉన్నాడు. ఫోటోలో కనిపించే మనుషుల్లో మొదటివాళ్ళుగా వాళ్ళనే చెబుతారు. ఆ ఫోటో ఒక్కటే చూసినవాడు ఆ ఊళ్ళో జనం లేరనుకుంటాడు. మన ఫోన్ సెకనులో ఏ వందో వంతునో పట్టి మిగతాది వదిలేస్తే, డగేర్ పలక కదిలేవాళ్ళందరినీ వదిలేసింది. ఏది వదిలిందో ఫోటో మాత్రం చెప్పదు.

అద్దం సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో. మన ముఖం మనకి అద్దంలోనే అలవాటు, అంటే కుడి ఎడమలు తారుమారుగా. ఫోటోలో తిన్నగా పడితే పాపిడి అటు పోయి, నవ్వు ఇటు వంకరై, ఎవరో పరాయివాళ్ళని చూసినట్టుంటుంది. 1977లో అమెరికాలో విద్యార్థుల ఫోటోలు తీసి, ఒక ప్రింటు తిన్నగా, ఒకటి అద్దంలోలా వేసి చూపించారు. ఫోటోలోని మనిషికి అద్దం ప్రింటు నచ్చింది, వాళ్ళ స్నేహితులకి తిన్నటి ప్రింటు నచ్చింది. ఎవరికి అలవాటైన ముఖం వాళ్ళకి బాగుంది. "ఫోటోలో నేను బాగోను" అనే పిల్లకి ఓదార్పుకన్నా ఈ సంగతి చెప్పడం మేలు. ఆ ఫోటోలో ఉన్నది స్నేహితులు రోజూ చూసి ఇష్టపడే ముఖమే.

ఇంతవరకూ ముక్కులూ రెప్పలూ. అసలు ప్రసంగం దీని తర్వాత మొదలయ్యేది. మనిషి ముఖం దాటి, మనిషి కథ విషయంలో ఫోటో ఏం చేస్తుందో చెప్పడానికి ఒకే ఒక ఉదాహరణ తీసుకుని, దాని మీద అయిదు నిమిషాలు నిలబడేవాళ్ళు. అదీ సరైన పద్ధతే. పది ఉదాహరణలు చెబితే పిల్లలకి ఒక్కటీ మిగలదు.

1936 మార్చి, కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర బఠాణీ కోసే కూలీల మకాం. పంట పాడైపోయి పనులు లేక కూలీలు చిక్కుకుపోయి ఉన్నారు. డొరోథియా లాంగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రభుత్వ పని మీద తిరిగి తిరిగి ఇంటికి పోతూ, ఆ మకాం బోర్డు చూసి దాటిపోయి, ఇరవై మైళ్ళు పోయాక మనసొప్పక వెనక్కి తిరిగింది. ఒక గుడారం ముందు కూర్చున్న తల్లిని పిల్లలతో సహా తీసింది. పది నిమిషాల పని. కొన్నే ఫోటోలు, ఒక్కొక్కటికీ ఇంకాస్త దగ్గరికి జరుగుతూ. ఆ తల్లి పేరు గానీ కథ గానీ అడగలేదని, వయసు మాత్రం 32 అని ఆమె చెప్పిందని లాంగ్ తర్వాత రాసింది. చివరి ఫోటో ప్రపంచమంతా తెలుసు. తల్లి చెంపకి చెయ్యి ఆనించి దూరంగా చూస్తోంది, ఇద్దరు పిల్లలు అటు తిరిగి ఆమె భుజాల మీద ముఖాలు దాచుకున్నారు, ఒడిలో పసిబిడ్డ. "వలస తల్లి" అనే పేరుతో పుస్తకాల్లోకి ఎక్కింది.

ఈ ఫోటోని తెర మీద వేసి మాస్టారు ఏమీ చెప్పేవాడు కాదు. "ఈమె గురించి మీకేం తెలిసింది?" అని అడిగేవాడు. పేదరాలు, భర్త లేడు, దిక్కులేదు, ఆశ వదులుకుంది, బలహీనురాలు. ఇవన్నీ పిల్లలు నిమిషంలో చెప్పేస్తారు. ఆ తర్వాత అదే పది నిమిషాల్లో తీసిన మిగతా ఫోటోలు ఒక్కొక్కటిగా వేయాలి. అవి అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ సేకరణలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. దూరంనుంచి తీసిన వాటిలో గుడారం, సామాను కనిపిస్తాయి. ఒకదానిలో ఊగే కుర్చీలో టీనేజి కూతురు కూర్చుని ఉంటుంది. ప్రసిద్ధమైన ఫోటోలో ఆ పిల్ల లేదు. మీ వయసు పిల్ల పిల్లలూ, ఆ పూట అక్కడే ఉంది, అని చెబితే ముందు వరస పిల్లలు కదులుతారు. ప్రపంచానికి తెలిసిన తమ కుటుంబం ఫోటోలో ఆ పిల్ల లేకుండా పోయింది, కెమెరా నాలుగడుగులు ముందుకి జరగడం వల్ల.

ఇంకో చిన్న సంగతి. ఆ ఫోటో అసలు నెగెటివ్‌లో కింద కుడి మూల గుడారం గుంజని పట్టుకున్న ఒక బొటనవేలు పడింది. అడ్డుగా ఉందని కొన్నేళ్ళకి లాంగ్ దాన్ని చెరిపించింది. తర్వాతి ప్రింట్లలో దగ్గరగా చూస్తే వేలి నీడ లాంటి మరక మిగిలి ఉంటుంది. ఆ మూలని పెద్దది చేసి చూపించాలి. నిజాయితీకి పేరుపడ్డ ఫోటోలో కూడా కళ్ళకి నదురుగా లేనిది తీసేశారని పిల్లలు తమ కళ్ళతో చూస్తారు. ఫిల్టర్లు ఇప్పుడొచ్చిన పాపం కాదు.

ఇక ఆ తల్లి ఎవరు? నలభై ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. 1978లో కాలిఫోర్నియాలోనే ఒక పత్రిక విలేఖరి ఆమెని వెతికి పట్టుకున్నాడు. పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చూసినవాళ్ళు యూరప్ మూలాలున్న తెల్లజాతి రైతు కూలీ అనుకున్నారు. ఆమె అమెరికా ఆదివాసుల్లో చెరొకీ తెగ మనిషి. కారు టైర్లు అమ్ముకుని తిండి కొన్నారని లాంగ్ రాసింది, ఇంటివాళ్ళు అమ్మడానికి టైర్లు ఎక్కడివి, ఉన్నవి కారుకే ఉన్నాయి అన్నారు. వాళ్ళు ఆ మకాంలో పనిచేసే కూలీలు కూడా కారు. వేరే ఊరు వెళ్తుండగా కారు చెడిపోయి అక్కడ ఆగారు. మగవాళ్ళు బాగుచేయించడానికి పట్నం వెళ్ళారు. ఆమె వాళ్ళ కోసం ఎదురుచూస్తోంది. ఫోటోలో మనం ఆశ వదులుకున్న చూపు అనుకున్నది, రిపేరు అయిందో లేదో అని దారి చూస్తున్న చూపు కూడా కావొచ్చు. పేదరికం నిజం, ఆకలి నిజం. వాటి పక్కనే ఇది కూడా నిజం.

ఫోటో వల్ల మేలు జరగలేదా అంటే జరిగింది. పత్రికలో వచ్చాక ప్రభుత్వం ఆ మకాంకి 20,000 పౌన్ల ఆహారం పంపింది. అది చేరేసరికి ఫ్లోరెన్స్ కుటుంబం కారు బాగుచేసుకుని వెళ్ళిపోయింది. ఈ సంగతి తప్పకుండా చెప్పాలి, లేకపోతే పిల్లలు ఫోటోగ్రాఫర్‌ని దుర్మార్గురాలిని చేసేస్తారు. అప్పుడు ఒక్క ఫోటో చూసి ఒక మనిషిని తేల్చేయొద్దని చెబుతూనే, ఒక్క కథ విని ఇంకో మనిషిని తేల్చేసినట్టవుతుంది. లాంగ్ వెనక్కి తిరిగి రాకపోతే ఆ ఆహారం లేదు. ఫ్లోరెన్స్ మాత్రం ఆ ఫోటో తీయకపోయి ఉంటే బాగుండేదని, దాని వల్ల తనకి ఒక్క పైసా రాలేదని చెప్పుకుంది. రెండు మాటలూ పిల్లల ముందు పెట్టి వదిలేయాలి.

ఫ్లోరెన్స్ ఆ ఫోటో తర్వాత 47 ఏళ్ళు బతికింది. పిల్లల్ని పెంచింది, పొలాల్లో పనిచేసింది, మళ్ళీ పెళ్ళి చేసుకుంది, మనవల్ని చూసుకుంది. 1983లో పోయింది. షటర్ సెకనులో ఏ వందో వంతో తెరుచుకుంది. ఆ వందో వంతు పక్కన 47 ఏళ్ళు రాసి, మధ్యలో గీత గీసి, బోర్డు మీద అలా ఉంచేసేవాళ్ళు.

దాని పక్కన ఆమె కూతురి మాట రాసేవాళ్ళు. ఫోటోలో ఒడిలో పసిగుడ్డుగా ఉన్న పిల్ల పెద్దదయ్యాక తల్లి గురించి అడిగితే, అమ్మకి బతుకంటే ఇష్టం, పాటలంటే ఇష్టం, డాన్సు చేయడమంటే ఇష్టం, ఆ ఫోటో చూస్తే నాకు దిగులేస్తుంది, అమ్మని అలా గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు అని చెప్పింది. అది రాశాక మాస్టారు తెర మీద ఫోటో ఆపేసి, ఆమె డాన్సు చేస్తుంటే ఎలా ఉండేదో కళ్ళు మూసుకుని ఊహించమనేవాడు. అర నిమిషం ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. తర్వాత గంట కొట్టేవాళ్ళు, పిల్లలు వరసల్లో క్లాసులకి వెళ్ళిపోయేవాళ్ళు.